మొత్తం కాగితముల సంఖ్య

పాత రిజిస్ట్రేషన్ దస్తావేజు ఏదైనా చేతికి వస్తే, అందులో రాసిన సంగతి చదివే ముందు కాగితం తిరగేసి వెనక వైపు చూడండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయాలు అక్కడ ఒక ముద్ర వేసేవి. పుస్తకం నంబరు, సంవత్సరం, దస్తావేజు నంబరుతో పాటు రెండు ఖాళీలు ఉంటాయి. ఒకదాని పక్కన ‘మొత్తం కాగితముల సంఖ్య’ అని, రెండోదాని పక్కన ‘ఈ కాగితపు వరుస సంఖ్య’ అని ఉంటుంది. గుమాస్తా చేత్తో అంకెలు వేస్తే కింద సబ్‌రిజిస్ట్రారు సంతకం చేసేవారు.

రెండు అంకెలు ఎందుకు? ఒకటి చాలదా? వరుస సంఖ్య మాత్రమే ఉందనుకుందాం. 1, 2, 3, 5 అని కనిపిస్తే నాలుగోది పోయిందని తెలుస్తుంది. కానీ పద్నాలుగు కాగితాల దస్తావేజులో చివరిది ఊడిపోతే 1 నుంచి 13 దాకా వరుస చక్కగా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఆస్తి షెడ్యూలు, ప్లాను లాంటివి ఉండేది ఆ చివరి కాగితాల్లోనే. ఇక మొత్తం సంఖ్య మాత్రమే ఉందనుకుందాం. లెక్కపెడితే ఒకటి తక్కువైందని తెలుస్తుంది, ఏది తక్కువైందో తెలియదు. పైగా ఆ మొత్తాన్ని మొదటి కాగితం మీదే రాసి ఉంటే, అదే పోయిన రోజున లెక్క కూడా దానితోనే పోతుంది. అందుకే ప్రతి కాగితం మీదా రెండు అంకెలూ ఉంటాయి. విడిగా ఒక్క కాగితం దొరికినా, తనతో ఇంకెన్ని ఉండాలో అదే చెబుతుంది.

ఆ దస్తావేజును స్కాన్ చేసి పీడీఎఫ్‌గా మార్చి, ఊరి నుంచి నగరానికి పంపినప్పుడు అంతా చేరిందో లేదో ఎలా తెలుసుకోవాలన్నది ఈ అధ్యాయం విషయం. కంప్యూటర్ వచ్చాక మన చేతికి కొత్త అంకెలు వచ్చాయి. పీడీఎఫ్ పేజీల సంఖ్యను చూపిస్తుంది, ఫైలు తన సైజును బైట్ల లెక్కన చెబుతుంది. ఈ రెండూ ఒకే ప్రశ్నకు జవాబులని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకటి కాగితం ఫైలుగా మారేటప్పుడు జరిగే పొరపాట్లను పట్టుకుంటే, రెండోది ఫైలు ప్రయాణంలో జరిగే పొరపాట్లను పట్టుకుంటుంది. ఒకదాని పని రెండోది చేయలేదు.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. మనుషులు కల్పితమే గానీ లెక్కలు మాత్రం నిజంగా పనిచేసే లెక్కలు. గుడివాడలో ఉన్న అక్క, నాన్నగారి పేరున 2006లో రిజిస్టరైన ఇంటి దస్తావేజును హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి పంపాలి. బ్యాంకు లోనుకు లీగల్ ఒపీనియన్ కావాలంటే లాయరు గారు దస్తావేజు పూర్తిగా చూడాలి. ముద్రలో మొత్తం కాగితాలు 14 అని ఉంది.

అక్క జిరాక్స్ షాపుకు వెళ్లి ‘బ్యాక్ టు బ్యాక్ స్కాన్ చెయ్యండి’ అంది. ఇది మంచి ఆరంభం. ఎందుకంటే స్టాంపు కాగితాలకు ముందు వైపు టైపు చేసిన సంగతి ఉంటే, రిజిస్ట్రేషన్ తంతు జరిగినట్టు సాక్ష్యం వెనక వైపున ఉంటుంది. ముందు వైపులు మాత్రమే స్కాన్ చేసిన దస్తావేజు పద్నాలుగు పేజీలుగా వస్తుంది. ముద్రలోని 14తో అది అచ్చం సరిపోతుంది, చూసేవాళ్లకు లెక్క కుదిరినట్టే అనిపిస్తుంది. ముద్ర లెక్కపెట్టేది కాగితాలను, పీడీఎఫ్ లెక్కపెట్టేది వైపులను. రెండు వైపులా స్కాన్ చేస్తే 14 కాగితాలు 28 పేజీలు కావాలి. ఈ తేడా గుర్తుంచుకోకపోతే, లెక్క సరిపోవడమే మోసం చేస్తుంది.

షాపులోని యంత్రానికి పైన ఫీడర్ ఉంటుంది. కట్ట పెడితే ఒక్కొక్క కాగితాన్నీ రబ్బరు చక్రాలతో లోపలికి లాక్కుంటుంది. పాత స్టాంపు కాగితాలకు మడతలుంటాయి, పిన్నులు తీసిన చిల్లులుంటాయి, అంచులు ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. దాంతో ఒక్కోసారి రెండు కాగితాలు కలిసి లోపలికి వెళ్లిపోతాయి. మంచి యంత్రాల్లో దీన్ని కనిపెట్టేందుకు అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉంటుంది. కాగితం గుండా ధ్వనిని పంపి అవతల ఎంత చేరిందో కొలుస్తుంది. రెండు కాగితాల మధ్య ఉండే పలుచని గాలి పొర ధ్వనిని బాగా తగ్గించేస్తుంది కాబట్టి, రెండు వెళ్తున్నాయని గుర్తుపట్టి ఆగిపోతుంది. అయితే దస్తావేజుల్లో 32ఏ ఫారం అనే కాగితం ఒకటి ఉంటుంది. అమ్మేవాళ్ల, కొనేవాళ్ల ఫొటోలు, వేలిముద్రలు అందులో ఉంటాయి. అంటించిన ఫొటో దగ్గర కూడా సెన్సర్‌కు రెండు పొరలే కనిపిస్తాయి, యంత్రం ఆగిపోతుంది. రెండుసార్లు ఆగాక షాపులో కుర్రాడు విసిగిపోయి సెన్సర్‌ను ఆపేసి స్కాన్ చేస్తాడు. కాపలా తీసేసిన ఆ క్షణం నుంచి, కాగితాలు జంటగా వెళ్లిపోయినా చెప్పేవారు ఉండరు.

ఇంకో పొరపాటు దీనికంటే నిశ్శబ్దంగా జరుగుతుంది. బ్యాక్ టు బ్యాక్ స్కాన్ చేసేటప్పుడు ఖాళీ పేజీలు వద్దనే సెట్టింగు ఒకటి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ప్రతి వైపూ చూసి, నల్ల చుక్కలు ఒక హద్దుకంటే తక్కువుంటే ఖాళీ పేజీగా తీసిపారేస్తుంది. మామూలు ఆఫీసు కాగితాలకు ఇది మంచిదే. ఇరవై ఏళ్ల నాటి వెలిసిపోయిన ఊదా రంగు ముద్ర ఒక్కటే ఉన్న వైపును మాత్రం ఇది ఖాళీ అనుకునే ప్రమాదం ఉంది. దస్తావేజు వెనక వైపులు చాలావరకు అలాంటివే.

అక్క పంపిన ఫైలు తమ్ముడికి చేరింది. వాట్సాప్‌లో డాక్యుమెంటు కింద 25 పేజీలని కనిపించింది. అక్క ఫోన్లోనూ 25 పేజీలే, సైజు కూడా ఇద్దరి దగ్గరా ఒకటే, 81,02,346 బైట్లు. పంపింది పంపినట్టు చేరింది. ఇక్కడే చాలామంది ఆగిపోతారు.

తమ్ముడు ఆగలేదు. మొదటి పేజీ తరవాత వచ్చిన వెనక వైపు ముద్రలో 14 చూశాడు. ‘అక్కా, ఇరవై ఎనిమిది రావాలి కదా, ఇరవై ఐదే ఉన్నాయేంటి?’ అని ఫోన్ చేశాడు. ‘ఫొటోల కాగితానికీ, ప్లానుకూ ముద్ర ముందు వైపే వేశారురా, వెనక తెల్లగా ఉన్నాయి’ అంది అక్క. అంటే 26 రావాలి. ఇంకొకటి ఏమైనట్టు? అప్పుడు పనికొచ్చేది ముద్రలోని రెండో అంకె. వెనక వైపులన్నీ వరుసగా జరుపుతూ చూస్తే వరుస సంఖ్య 8 తరవాత 10 వచ్చింది. తొమ్మిదో కాగితం వెనక వైపు లేదు. అక్క కాగితం తీసి వెలుతురులో చూస్తే ముద్ర ఉంది, కానీ చాలా లేతగా ఉంది.

మొత్తం పేజీల సంఖ్య అనుమానం పుట్టించింది, ఒక్కొక్క పేజీ మీది అంకె జవాబిచ్చింది. మొత్తం సరిపోయిన చోట కూడా వరుస చూడక తప్పని సందర్భం ఒకటుంది. ఫీడర్ మధ్యలో ఇరుక్కున్నప్పుడు, షాపులో చివరి కాగితాన్ని మళ్లీ పెట్టి స్కాన్ కొనసాగిస్తారు. ఆ కాగితం అప్పటికే ఒకసారి వెళ్లి ఉంటే రెండుసార్లు వస్తుంది. అదే గడబిడలో రెండు కాగితాలు కలిసి వెళ్లి ఉంటే ఒకటి పోతుంది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ కలిసి మొత్తం సరిగ్గా తేలుతుంది. నన్నడిగితే, ముప్పై నలభై పేజీల్లోపు దస్తావేజుకు మొదటిది, చివరిది, మధ్యలో ఒకటి చూసి వదిలేయడం కన్నా అన్ని పేజీల చిన్న బొమ్మలూ పక్క పట్టీలో తెరిచి అంకెలన్నీ చూడటమే తేలిక. రెండు నిమిషాల పని.

ఖాళీ పేజీల సెట్టింగు తీయించి అక్క మళ్లీ స్కాన్ చేయించింది. ఈసారి 28 పేజీలు, 87,34,915 బైట్లు. ఇప్పుడు కాగితం నుంచి ఫైలు దాకా లెక్క కుదిరింది. ఇక ఫైలు ప్రయాణం సంగతి.

ఈ ఫైలు సైజు ఎంత అని నాలుగు చోట్ల అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. విండోస్ కంప్యూటర్‌లో ఫైలు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే 8.33 MB అంటుంది. ఆపిల్ కంప్యూటర్ 8.7 MB అంటుంది. విండోస్ ఫోల్డరు జాబితాలో 8,531 KB అని ఉంటుంది. అదే ప్రాపర్టీస్‌లో Size on disk అన్న వరుస చూస్తే ఇంకా పెద్ద సంఖ్య ఉంటుంది. ఇవన్నీ ఒకే ఫైలువి, ఒక్క బైటు కూడా తేడా లేదు. విండోస్ ఒక MB అంటే 10,48,576 బైట్లని లెక్కేస్తుంది, అంటే 1024 రెట్లు 1024. ఆపిల్ 2009 నుంచి పది లక్షల బైట్లనే ఒక MBగా చూపిస్తోంది. 87,34,915ను మొదటిదానితో భాగిస్తే 8.33, రెండోదానితో భాగిస్తే 8.73. అక్క ‘ఎనిమిది పాయింట్ ఏడు’ అని, తమ్ముడు ‘నాకు ఎనిమిది పాయింట్ మూడే వచ్చింది’ అని అంటే ఫైలు తెగిందని కంగారుపడతారు. ఎక్కడా ఏమీ తెగలేదు.

డిస్కు మీది సైజు కథ వేరు. డిస్కు స్థలాన్ని ముక్కలుగా ఇస్తుంది, మామూలుగా ఒక్కో ముక్క 4,096 బైట్లు. మన ఫైలుకు 2,132 ముక్కలు నిండాక ఇంకా 2,243 బైట్లు మిగిలాయి. వాటి కోసం ఇంకో ముక్క మొత్తం ఇవ్వాలి. 2,133 ముక్కలకు 87,36,768 బైట్లు. పెన్‌డ్రైవ్‌లో ముక్క సైజు వేరుగా ఉంటే ఈ సంఖ్య కూడా మారుతుంది. కాబట్టి రెండు చోట్ల పోల్చడానికి ఇది పనికిరాదు. ఇదే వరుసలో సున్నా కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. వన్‌డ్రైవ్ లాంటి వాటిలో ఫైలు పేరు, సైజు కంప్యూటర్‌లో కనిపిస్తూ అసలు ఫైలు మాత్రం నెట్ అవతలే ఉండవచ్చు. ఆ స్థితిలో డిస్కు మీది సైజు సున్నా అని ఉంటుంది. నెట్ లేని చోటికి ఆ కంప్యూటర్ పట్టుకెళ్తే ఫైలు తెరుచుకోదు.

పోల్చవలసింది పూర్తి బైట్ల సంఖ్య ఒక్కటే. విండోస్‌లో అది MB పక్కనే బ్రాకెట్లో ఉంటుంది, ఆపిల్‌లో Get Info తెరిస్తే కనిపిస్తుంది. కామాలు ఎక్కడ పడ్డాయన్నది కంప్యూటర్ సెట్టింగును బట్టి మారుతుంది, మన పద్ధతిలో 87,34,915 అయితే ఇంకోచోట 8,734,915. కామాలు వదిలేసి అంకెలు చదువుకోవాలి.

మెయిల్‌లో పంపితే ఇంకో చిక్కు. మెయిల్ వ్యవస్థ మొదట అక్షరాల కోసమే పుట్టింది. అందువల్ల జత చేసిన ఫైలును మామూలు అక్షరాలుగా మార్చి పంపుతుంది. మూడేసి బైట్లు నాలుగేసి అక్షరాలవుతాయి, 76 అక్షరాలకు ఒకసారి వరుస తెగుతుంది. మన ఫైలు ఆ రూపంలో దాదాపు కోటీ 19 లక్షల 53 వేల బైట్లవుతుంది, అంటే 37 శాతం ఎక్కువ. ఇన్‌బాక్స్ జాబితాలో మెయిల్ సైజు పెద్దగా కనిపించేది అందుకే. డౌన్‌లోడ్ చేసుకుని డిస్కు మీదికి దింపాక మళ్లీ 87,34,915 బైట్లే అవుతుంది. కొలత ఎప్పుడైనా దింపిన ఫైలు మీదే తీసుకోవాలి.

వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఫైలు యథాతథంగా వెళ్తుంది. దస్తావేజును ఫోనుతో ఫొటోలు తీసి ఫొటోలుగానే పంపితే మాత్రం మామూలుగా వాట్సాప్ వాటిని చిన్నవి చేస్తుంది. నాలుగు MB ఉన్న ఫొటో కొన్ని వందల KBకి దిగిపోతుంది. అప్పుడు సైజు తగ్గడం నిజమైన నష్టమే. బొమ్మ అంచులు చెక్కుచెదరకుండా ఉంటాయి, కాని లేత ముద్రలో అంకెలు చదవడానికి రాకుండా పోతాయి. ఇది పేజీల సంఖ్యకు ఎప్పటికీ దొరకని నష్టం.

సైజు చూడటం వల్ల దొరికేది ముఖ్యంగా తెగిపోయిన ఫైలు. ఈ రోజుల్లో ఫైలు దారిలో ఊరికే తెగదు, మధ్యలో పోయిన ముక్కలను నెట్ మళ్లీ అడిగి తెప్పించుకుంటుంది. వెబ్‌సైటు ముందే సైజు చెబితే బ్రౌజరు అన్ని బైట్లూ వచ్చాయో లేదో చూసుకుంటుంది. డౌన్‌లోడ్ పూర్తికాని ఫైలుకు క్రోమ్ చివర .crdownload అని, ఫైర్‌ఫాక్స్ .part అని తగిలించి ఉంచుతాయి. ఆ తోక తీసేసి .pdf అని పేరు మార్చి ‘తెరుచుకుంటోంది కదా’ అనుకునేవాళ్లు ఉన్నారు. ఫోన్లో స్థలం నిండిపోయినప్పుడు, పెన్‌డ్రైవ్‌ను కాపీ పూర్తికాకముందే లాగేసినప్పుడు కూడా సగం ఫైలు మిగులుతుంది.

సగం పీడీఎఫ్ తెరుచుకోవడం ఎలా సాధ్యం? ఇక్కడ ఫైలు లోపలి నిర్మాణం కాస్త చూడాలి. పీడీఎఫ్‌లో పేజీలు, బొమ్మలు అన్నీ విడివిడి వస్తువులుగా ఉంటాయి. ఏ వస్తువు ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక ఫైలు చివర ఉంటుంది. పట్టిక మొదలయ్యే చోటును చెప్పే సంఖ్య దానికీ తరవాత ఉంటుంది. అక్క ఫైలు చివరి మూడు వరుసలు ఇలా ఉన్నాయనుకుందాం.

```
startxref
8733106
%%EOF
```

పట్టిక 87,33,106వ బైటు దగ్గర ఉందని, ఫైలు ఇక్కడితో అయిపోయిందని దీని అర్థం. లెక్క చూడండి. 28 పేజీలకు ఒక్కోదానికి మూడు వస్తువులు, అంటే పేజీ, దాని బొమ్మ, బొమ్మను పేజీ మీద పరిచే సూచన. అవి 84. ఫైలు మొత్తానికి ఇంకో రెండు. పట్టికలో సున్నా వరుస కలిపి 87 వరుసలు. పాత తరహా పట్టికలో ఒక్కో వరుస సరిగ్గా 20 బైట్లు కాబట్టి 1,740 బైట్లు. తలా తోకా ఇంకో 69 బైట్లు. మొత్తం 1,809. దాన్ని 87,33,106కు కలిపితే 87,34,915, అంటే మన ఫైలు సైజు. పంపినవాళ్లు సైజు చెప్పకపోయినా, ఫైలు తన సైజు దాదాపుగా తానే చెబుతోందన్నమాట.

లినక్స్‌లోనూ ఆపిల్‌లోనూ ఈ చివరి వరుసలు చూడటానికి ఒక్క ఆదేశం చాలు.

```
tail -n 3 deed.pdf
```

విండోస్‌లో ఫైలు నకలు ఒకటి చేసుకుని, ఆ నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చివరికి వెళ్లవచ్చు. పైనంతా పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, పట్టించుకోనక్కర్లేదు. సేవ్ మాత్రం చేయకూడదు, చేస్తే ఫైలు పాడవుతుంది.

మన ఫైలు 60 లక్షల బైట్ల దగ్గర తెగిందనుకుందాం. చివర ఉండవలసిన పట్టికా లేదు, %%EOF కూడా లేదు. పట్టిక దొరకనప్పుడు చాలా పీడీఎఫ్ రీడర్లు వెంటనే చేతులెత్తేయవు. మొదటి నుంచి వెతుక్కుంటూ దొరికిన వస్తువులతో పట్టికను మళ్లీ కట్టుకునే ప్రయత్నం చేస్తాయి. సగటున పేజీకి 3,12,000 బైట్లు కాబట్టి దాదాపు పందొమ్మిది పేజీల బొమ్మలు అందులో ఉంటాయి. కొన్ని రీడర్లు వాటిని చూపిస్తాయి, కొన్ని ఫైలు పాడైందంటాయి. వెబ్ కోసం ప్రత్యేకంగా సర్దిన పీడీఎఫ్‌లలో అయితే మొదటి పేజీకి కావలసినవన్నీ ఫైలు మొదట్లోనే ఉంటాయి, పూర్తిగా దిగకముందే చదవడానికి వీలుగా. మొదటి పేజీ చక్కగా తెరుచుకోవడం పూర్తిగా వచ్చిందనడానికి సాక్ష్యం కాకపోవడం ఇందువల్లే. వర్డ్ ఫైలు ఈ విషయంలో మొండిది. .docx నిజానికి ఒక జిప్ కట్ట, దాని విషయసూచిక కూడా చివరే ఉంటుంది. అది పోతే సాధారణంగా వర్డ్ ఫైలు తెరవనే తెరవదు. నాకు ఆ మొండితనమే నయమనిపిస్తుంది, సగం చూపించి సరిపెట్టదు.

%%EOF కనిపించినంత మాత్రాన నిశ్చింతగా ఉండాలని కాదు. పీడీఎఫ్‌కు డిజిటల్ సంతకం చేసినా, గుర్తులు పెట్టి సేవ్ చేసినా కొత్త భాగం పాత ఫైలు చివర అతుక్కుంటుంది. దానికి ఇంకో పట్టిక, ఇంకో %%EOF వస్తాయి. అలాంటి ఫైలు సరిగ్గా మొదటి %%EOF దగ్గర తెగితే సంతకం లేని పాత రూపం నిక్షేపంగా మిగులుతుంది. అరుదే గానీ, అప్పుడు పంపినవాళ్లు చెప్పిన బైట్ల సంఖ్య దాన్ని పట్టుకుంటుంది.

సైజుకు కూడా ఒక గుడ్డి చోటు ఉంది. కొన్ని కాపీ ప్రోగ్రాములు మొదటే మొత్తం స్థలాన్ని ఫైలు పేరున కేటాయించుకుని తరవాత నింపుతాయి. మధ్యలో కరెంటు పోయినా, పెన్‌డ్రైవ్ లాగేసినా పేరూ సైజూ సరిగ్గా ఉండి లోపల సగం సున్నాలే మిగలవచ్చు. ఇలాంటి చోట లోపలి సరుకును పోల్చాలి. దానికి వాడేది హాష్. ఫైలులోని ప్రతి బైటునూ తీసుకుని SHA-256 అనే లెక్క 64 అంకెలూ అక్షరాల వరుసను తయారుచేస్తుంది. ఒక్క బైటు మారినా వరుస మొత్తం మారిపోతుంది. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా అడగవచ్చు.

```
certutil -hashfile deed.pdf SHA256
```

ఇద్దరి దగ్గరా వరుస ఒకటే అయితే ఇద్దరి ఫైలూ ఒకటే, సైజును విడిగా చూడనక్కర్లేదు. వెనకటి SHA-1 మీద ఇంత నమ్మకం పెట్టుకోలేం. 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు లోపలి సరుకు వేరైనా ఒకే SHA-1 వచ్చే రెండు పీడీఎఫ్‌లను తయారుచేసి చూపించారు. వాటి సైజు కూడా ఒకటే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రంలో హాష్ విలువ రాయాలి, ఏ లెక్కతో తీశారో కూడా రాయాలి. కోర్టుకు వెళ్లే ఫైలైతే ఈ వరుసను మొదటి రోజే రాసిపెట్టుకోవడం మంచిది.

అయితే అక్క మొదట పంపిన ఇరవై ఐదు పేజీల ఫైలు గుర్తుందిగా. దానికి హాష్ తీసి ఉంటే గుడివాడలోనూ హైదరాబాద్‌లోనూ 64 అక్షరాలూ కలిసేవి. తొమ్మిదో కాగితం వెనక వైపు లేదన్న సంగతి హాష్‌కు తెలిసే మార్గమే లేదు, ఎందుకంటే అది పోయింది ఫైలు పుట్టకముందు. ఆ లోటును చూపగలిగింది కాగితం మీద చేత్తో వేసిన అంకె ఒక్కటే. స్కాన్ చేసిన దస్తావేజుల విషయంలో నా అనుభవం కూడా ఇదే, దారిలో పోయేవాటి కన్నా స్కానర్ దగ్గర పోయేవే ఎక్కువ.

ఈ అంకెలను ఎవరు ఎక్కడ తీసుకున్నారన్నదీ చూసుకోవాలి. తమ్ముడు తన దగ్గరున్న ఫైలు సైజును తానే చూసుకుంటే ప్రయోజనం లేదు. పంపేవాళ్లు స్కాన్ చేసిన చోటే, పంపకముందే, కాగితాలను చేత్తో లెక్కపెట్టి అంకెలు రాసుకోవాలి. వాటిని ఫైలుతో కాకుండా విడిగా మెసేజ్‌లోనో ఫోన్లోనో చెప్పాలి. అక్క రెండోసారి పంపినప్పుడు ఇలా రాసింది: ‘14 కాగితాలు, 28 పేజీలు, 24, 28 తెల్ల పేజీలు, 87,34,915 బైట్లు.’ తెల్ల పేజీల సంగతి రాయడం తెలివైన పని. 24వ పేజీ తెరిచి తెల్లగా చూసినవాళ్లు, అది కాగితం తెల్లదనమా స్కానర్ తప్పా అని మళ్లీ ఫోన్ చేయనక్కర్లేదు.

రెండు రోజుల తరవాత లాయరు గారు ఫోన్ చేసి, ‘తొమ్మిదో కాగితం వెనక లేదు బాబూ’ అన్నారు. తమ్ముడి ఫోన్లో రెండు ఫైళ్లున్నాయి, ఒకటి deed.pdf, ఇంకోటి deed(1).pdf. ఏది పంపాడో అతనికే గుర్తులేదు. ‘మీ దగ్గరున్న ఫైలు ఎన్ని బైట్లుందండీ?’ అని అడిగాడు. లాయరు గారి గుమాస్తా చూసి 81 లక్షల చిల్లర అన్నాడు. తమ్ముడు రెండో ఫైలు పంపి, పాతది తీసేయమని వాళ్లకు చెప్పి, తన ఫోన్లోంచి కూడా తీసేశాడు.